గార ఎటు పక్క, ఎంత అడ్డు? జ్యూస్ హీటర్ డేటాషీట్ తెలుగులో

చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రసాన్ని వేడి చేసే యంత్రం ఒకటి ఉంటుంది. దాన్ని జ్యూస్ హీటర్ అంటారు. దాని వెంట ఒక కాగితం వస్తుంది. ఆ కాగితం పేరు డేటాషీట్. యంత్రం ఎంత పెద్దది, లోపల ఏది పారుతుంది, ఎంత వేడెక్కుతుంది, ఎంత ఒత్తిడి తట్టుకుంటుంది, అన్నీ ఆ ఒక్క పేజీలోనే ఉంటాయి. అంతా ఇంగ్లీషులోనే. ఈ రోజు నేను మాట్లాడేది ఆ పేజీని తెలుగులోకి తేవడం గురించి.

ఇది బిచ్కుందలో కూర్చుని వినేవాళ్ళకు ఎందుకు అని అడగొచ్చు. మంజీర దాటితే బోధన్. 1938లో అక్కడ మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది. దాన్ని నమ్ముకుని బతికిన ఇళ్ళు మన చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. నిజాంసాగర్ దగ్గర మాగిలో, కామారెడ్డి దగ్గర అడ్లూర్ ఎల్లారెడ్డిలో కూడా చక్కెర ఫ్యాక్టరీలు కట్టారు. మన పిల్లలు ఐటిఐలో ఫిట్టర్ చదివి సీజన్ పనికి పోతారు. ఇంకొందరు గల్ఫ్‌కు పోయి, రిఫైనరీల్లో, సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంట్లలో పని చేస్తారు. అక్కడా ఇవే యంత్రాలు. పేర్లు మారతాయి, పరిమాణం మారుతుంది. కాగితం మాత్రం ఇంచుమించు ఇదే.

పుస్తకాల తెలుగులో ఈ యంత్రాన్ని ఉష్ణ వినిమాయకం అంటారు. ఫ్యాక్టరీలో ఆ మాట ఎవరూ అనరు. హీటర్ అంటారు, కూలర్ అంటారు, కండెన్సర్ అంటారు. చేసే పనిని బట్టి పేరు. నేనూ ఈ ప్రసంగమంతా హీటర్ అనే అంటాను.

ముందు యంత్రం ఎలా ఉంటుందో చూద్దాం. రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి మనసులో గీసుకోండి. ఒక పెద్ద డ్రమ్ము. నిలువుగా ఉండొచ్చు, పడుకోబెట్టి ఉండొచ్చు. దాని లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా వందల ట్యూబులు. ఒక్కో ట్యూబు మన చేతి మణికట్టు కన్నా కాస్త సన్నం. ఆ ట్యూబుల లోపల చెరకు రసం పారుతుంది. ట్యూబుల బయట, డ్రమ్ము లోపల, ఆవిరి నిండి ఉంటుంది. ఆవిరి వేడి ట్యూబు గోడ దాటి రసంలోకి పోతుంది. వేడి ఇచ్చేసిన ఆవిరి నీరై కిందికి జారుతుంది. రసం, ఆవిరి ఎక్కడా కలవవు. మధ్యలో ట్యూబు గోడ ఒక్కటే.

ఆ డ్రమ్మునే షెల్ అంటారు. ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది.

డేటాషీట్‌లో రెండు నిలువు గళ్ళు ఉంటాయి. ఒకదాని మీద షెల్ సైడ్ అని, రెండోదాని మీద ట్యూబ్ సైడ్ అని రాసి ఉంటుంది. నిఘంటువు చూసి అనువదిస్తే షెల్ అంటే పెంకు, గుల్ల, చిప్ప. సైడ్ అంటే వైపు, పక్క. పెంకు వైపు, గొట్టం వైపు అని రాసేస్తారు. ఆ కాగితం ఒక కొత్త హెల్పర్ చేతికి పోయిందనుకోండి. పెంకు వైపు అంటే డ్రమ్ము బయటి వైపు అనుకుంటాడు. లేదా యంత్రానికి ఎడమ పక్కో కుడి పక్కో అనుకుంటాడు. తప్పు అతనిది కాదు. వైపు అని రాస్తే వైపే వెతుకుతాడు మరి.

ఇక్కడ సైడ్ అనేది దిక్కు కాదు. దారి. రెండు ద్రవాలకు రెండు దారులు. ఒక దారి ట్యూబుల లోపల. ఇంకో దారి ట్యూబుల బయట, షెల్ లోపల. కాబట్టి నేను తెలుగులో రాసేటప్పుడు షెల్, ట్యూబ్ అనే మాటలు అలాగే ఉంచుతాను. ఆ మాటలు పనివాళ్ళకు తెలుసు. వాటి కింద ఒక్క వాక్యం కలుపుతాను. ట్యూబ్ సైడ్ కింద, ట్యూబుల లోపల పారేది చెరకు రసం. షెల్ సైడ్ కింద, ట్యూబుల బయట, షెల్ లోపల ఉండేది ఆవిరి. అంతే. ఈ రెండు వాక్యాలు ఉంటే పేజీలో మిగతా సగం దానంతటదే అర్థమవుతుంది.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. ప్రాణం మీదికి వచ్చే గడి ఒకటి ఇదే పేజీలో ఉంది. దాని పేరు టెస్ట్ ప్రెషర్. యంత్రాన్ని నీటితో నింపి, మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి, కారుతుందేమో చూస్తారు. రసం పంపుతో తోస్తారు కాబట్టి ట్యూబుల లోపలి దారి గట్టిగా కడతారు. ఆవిరి ఒత్తిడి తక్కువ కాబట్టి షెల్‌ను అంత గట్టిగా కట్టరు. ఉదాహరణకు ట్యూబుల దారికి డిజైన్ ఒత్తిడి 8 బార్, షెల్‌కు 3 బార్ అనుకుందాం. పరీక్ష ఒత్తిడి సాధారణంగా డిజైన్ ఒత్తిడికి 1.3 రెట్లు. అంటే ట్యూబుల దారిలో 10 బార్ దాటుతుంది. షెల్‌లో 4 బార్‌కు కూడా రాదు. అనువాదంలో ఈ రెండు గళ్ళు తారుమారైతే, 4 బార్ కూడా పెట్టకూడని షెల్ మీద 10 బార్ పెడతారు. నీటితో పరీక్ష కాబట్టి బాంబులా పేలకపోవచ్చు. వెల్డింగ్ చీలుతుంది, షెల్ ఉబ్బుతుంది, దగ్గర నిలబడ్డవాడికి దెబ్బ తగులుతుంది. అందుకే గళ్ళ పేర్లు ముందు సరిచూసుకోవాలి. ఏది ట్యూబుల లోపల, ఏది ట్యూబుల బయట. ఇది తేలాకే మిగతా పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పేజీలో చాలామంది అనువాదకులు జారిపడే మాట ఒకటుంది. అది ఫౌలింగ్ రెసిస్టెన్స్.

ఫౌలింగ్ అంటే ఏమిటో ముందు చెప్తాను. స్నానానికి నీళ్ళు కాచే కాగును గుర్తు చేసుకోండి. కట్టెల పొయ్యి మీద పెట్టే కాగు. బోరు నీళ్ళు పోసి రోజూ కాచామనుకోండి. కొన్నాళ్ళకు కాగు లోపల తెల్లగా ఒక పొర పడుతుంది. గీకితే పెళుసుగా రాలుతుంది. అదే గార. కాగు బయట అడుగున ఇంకో పొర పడుతుంది. అది నల్లని మసి. మంట అదే, కాగు అదే, నీళ్ళు అవే. కానీ కాగడానికి మునుపటి కన్నా ఎక్కువసేపు పడుతుంది. ఎందుకంటే వేడి ఇప్పుడు రాగి రేకు ఒక్కటే దాటితే చాలదు. ముందు మసి దాటాలి, తరవాత రేకు దాటాలి, ఆ తరవాత గార దాటాలి. ఒక్కో పొర వేడికి కొంత అడ్డం పడుతుంది.

ఫౌలింగ్ అంటే అదే. బయట పట్టిన మసి షెల్ సైడ్ ఫౌలింగ్. లోపల పట్టిన గార ట్యూబ్ సైడ్ ఫౌలింగ్. పేజీలో రెండు గళ్ళకూ విడివిడిగా ఫౌలింగ్ అంకె ఎందుకు ఇస్తారో ఇప్పుడు మీకే తెలిసిపోయింది. రెండు పక్కలా పట్టేది వేరు. పట్టే వేగం వేరు. తీసే పద్ధతీ వేరు.

ఇక ఆ రెసిస్టెన్స్ అనే మాట. దాన్ని నిరోధకత అని రాస్తారు. ఫౌలింగ్‌ను మురికి అనో, కల్మషం అనో రాసి, మొత్తం కలిపి మురికి నిరోధకత అంటారు. చూడ్డానికి చక్కగానే ఉంది. కానీ ఆ మాట వింటే మీకు ఏం తోస్తుంది? రోగ నిరోధక శక్తి అంటే రోగాన్ని ఆపే శక్తి. తుప్పు నిరోధకత అంటే తుప్పు పట్టకుండా నిలిచే గుణం. అలాగే మురికి నిరోధకత అంటే మురికి పట్టకుండా ఉండే గుణం అని తోస్తుంది. అంటే ఆ అంకె ఎంత ఎక్కువుంటే యంత్రం అంత మంచిదన్నమాట.

నిజం దానికి పూర్తిగా తలకిందులు. అది మురికిని ఆపే శక్తి కాదు. మురికి వేడిని ఆపే కొలత. అంకె పెరిగితే అడ్డు పెరిగినట్టు. అర్థం నిట్టనిలువునా తిరగబడింది. పైగా వాక్యం తప్పు లేకుండా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. అందుకే నేను ఆ చోట ఇలా రాస్తాను. గార వల్ల వేడికి కలిగే అడ్డు. నాలుగు మాటలు ఎక్కువైనా ఫర్వాలేదు. గార వల్ల వేడికి కలిగే అడ్డు.

ఆ అంకెతో ఏం చేస్తారో ఒక ఉదాహరణలో చూద్దాం. ఇది ఫలానా ఫ్యాక్టరీ లెక్క కాదు. నేను కట్టుకున్న లెక్క. అయితే అంకెలు మన ఫ్యాక్టరీల్లో జరిగేదానికి దగ్గరగానే పెట్టాను.

రోజుకు సుమారు 2,400 టన్నుల చెరకు ఆడే ఫ్యాక్టరీ అనుకోండి. గంటకు సుమారు 100 టన్నుల రసం వస్తుంది. సున్నం, గంధకపు పొగ పట్టించిన రసం 73 డిగ్రీల దగ్గర హీటర్‌లోకి వస్తుంది. 103 డిగ్రీలకు బయటికి పోవాలి. బయట ఆవిరి 118 డిగ్రీల దగ్గర ఉంది.

103 డిగ్రీలే ఎందుకు? రసం దాదాపు 100 దాటాకే మరుగుతుంది. దాన్ని మరిగే చోటు కన్నా కాస్త పైకి వేడి చేసి, తెరిచిన తొట్టిలోకి వదిలితే, అందులో చిక్కుకున్న గాలి ఒక్కసారిగా బయటికి ఎగిరిపోతుంది. ఆ గాలి పోతేనే తరవాతి తొట్టిలో మడ్డి అడుగుకు దిగుతుంది. గాలి బుడగలు మిగిలితే సన్నని పిప్పి నలకలు వాటికి అంటుకుని పైకి తేలతాయి. రసం తేటగా రాదు. కాబట్టి ఇక్కడ నాలుగైదు డిగ్రీలు చిన్న విషయం కాదు.

ఇప్పుడు అడ్డుల లెక్క. హీటర్ కొత్తగా, శుభ్రంగా ఉన్నప్పుడు వేడికి ఉన్న మొత్తం అడ్డును 10 పాళ్ళు అనుకుందాం. ట్యూబుల లోపల పట్టబోయే గారకు డిజైన్ చేసినవాళ్ళు 4 పాళ్ళు కలిపారు. ట్యూబుల బయట ఆవిరి పక్క పట్టేదానికి 1 పాలు కలిపారు. ఆవిరి రసం కన్నా శుభ్రం కాబట్టి అక్కడ తక్కువ. మొత్తం 15 పాళ్ళు. అడ్డు 10 నుంచి 15కు పెరిగింది. అంటే ఒక్కో చదరపు మీటరు ట్యూబు గోడ దాటే వేడి మూడింట రెండు వంతులకు పడిపోతుంది. అదే పని కావాలంటే ట్యూబుల గోడ ఒకటిన్నర రెట్లు ఉండాలి. శుభ్రమైన హీటర్‌కు 116 చదరపు మీటర్లు చాలు. గార పట్టినా పని చేయాలంటే 174 చదరపు మీటర్లు కావాలి. ఆ 174 మీదే హీటర్ కడతారు. మిగతా 58 చదరపు మీటర్లు గార కోసం ముందే కొనిపెట్టుకున్న ఇనుము.

అంటే గార అంకె అనేది ఈ రోజు హీటర్‌లో ఉన్న గార కాదు. ఇంత గార పట్టేదాకా హీటర్ తన పని చేస్తుంది అని రాసిచ్చిన హద్దు. ఇది కూడా అనువాదంలో చెప్పాలి. లేకపోతే కొత్త హీటర్ పక్కన గార అడ్డు ఇంత అని చూసినవాడు, కొత్తదానిలో గార ఎందుకుంది అని అడుగుతాడు. అడగడం న్యాయమే. నేనైతే ఆ గడిలో, శుభ్రం చేసే వేళకు లెక్కలోకి తీసుకున్న అడ్డు, అని ఒక ముక్క జోడిస్తాను.

మరి ఆ హీటర్ కొత్తగా ఉన్నప్పుడు ఏమవుతుంది? ట్యూబుల గోడ ఎక్కువగా ఉంది, గార లేదు. అదే ఆవిరితో రసం 103 దగ్గర ఆగదు. 109 దాకా పోతుంది. అంత వేడి రసానికి మంచిది కాదు. రంగు వస్తుంది, కొంత చక్కెర పాడవుతుంది. అందుకని ఆపరేటర్ ఆవిరి వాల్వు కాస్త మూసి పెడతాడు. రోజులు గడిచేకొద్దీ గార పడుతుంది, అతను వాల్వు కొంచెం కొంచెం తెరుస్తూ పోతాడు. వాల్వు పూర్తిగా తెరిచినా 103 దగ్గరే నిలిచిందంటే, డేటాషీట్‌లో రాసిన హద్దుకు చేరామని అర్థం. ఇంకా ఆలస్యం చేసి మొత్తం అడ్డు 20 పాళ్ళకు పోయిందనుకోండి. రసం 98 దగ్గరే ఆగిపోతుంది. మరగదు. గాలి పోదు. పక్క తొట్టిలో రసం మసకబారుతుంది.

మళ్ళీ చెప్తాను. శుభ్రంగా ఉంటే 109. హద్దుకు వస్తే 103. హద్దు దాటితే 98. హీటర్ దగ్గర థర్మామీటరు చూసే మనిషికి గార అంకె ఇలా కనిపిస్తుంది. పదివేలింట ఇన్ని వంతులు అని రాసిన అంకె అతనికి ఎందుకు? ఈ మూడు ఉష్ణోగ్రతలు తెలుగు కాగితం అడుగున రాసిస్తే చాలు.

గార అంకె తక్కువైతే హీటర్ తొందరగా మూలన పడుతుంది. అలాగని ఎక్కువ రాయించుకోవడం మంచిదనుకోకండి. ఎక్కువ రాస్తే ట్యూబులు ఎక్కువ పెడతారు. అదే రసం ఎక్కువ ట్యూబుల్లోకి పంచుకుపోతే ఒక్కో దాంట్లో నెమ్మదిగా పారుతుంది. నెమ్మదిగా పారితే గార ఇంకా త్వరగా పడుతుంది. జ్యూస్ హీటర్లలో రసం సెకనుకు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల వేగంతో పోవాలని చూసేది ఇందుకే. డేటాషీట్‌లో వెలాసిటీ అని ఒక గడి ఉంటుంది. దాన్ని రసం వేగం అని రాయండి. గార అంకె పక్కనే దాన్ని చదవాలి.

ఇప్పుడు యూనిట్ సంగతి. అనువాదంలో మాట తప్పితే ఎవరైనా అడుగుతారు. యూనిట్ తప్పితే ఎవరూ అడగరు.

ఈ రకం హీటర్లకు అమెరికాలో టెమా అనే తయారీదారుల సంఘం ప్రమాణాలు రాసింది. ప్రపంచంలో చాలాచోట్ల ఆ పుస్తకం వాడతారు. అందులో గార అడ్డుల పట్టికలు ఉన్నాయి. పాత పట్టికలు అడుగులు, ఫారన్‌హీట్, బిటియు లెక్కలో ఉంటాయి. శుద్ధి చేసిన కూలింగ్ టవర్ నీటికి ఆ లెక్కలో 0.001 అని చూస్తాం. అదే విలువ మీటర్లు, వాట్ల లెక్కలోకి మారిస్తే 0.000176 అవుతుంది. దాదాపు ఆరింట ఒక వంతు.

అనువదించేటప్పుడు గడి ఇరుకుగా ఉందని యూనిట్ వదిలేసి, 0.001 మాత్రం ఉంచేశారనుకోండి. మన ఉదాహరణలో శుభ్రమైన హీటర్ అడ్డు 10 పాళ్ళు కదా. మీటర్ల లెక్కలో అది 0.001. ఆ 0.001 మీటర్ల లెక్కదైతే ఇంకో 10 పాళ్ళు కలుస్తాయి. హీటర్ రెట్టింపు పెద్దది కావాలి. అడుగుల లెక్కదైతే రెండు పాళ్ళు కూడా కలవవు. ఆరో వంతు కన్నా కాస్త ఎక్కువ పెరిగితే చాలు. కాగితం మీద అంకె ఒకటే. లక్షల రూపాయల ఇనుము తేడా.

అందుకని అంకెను ముట్టుకోకండి. యూనిట్‌ను వదలకండి. మూలంలో ఎలా ఉంటే అలా రాయండి. మార్చి రాయాల్సి వస్తే, మూలం అంకె, దాని యూనిట్ పైన ఉంచి, మార్చింది దాని కింద రాయండి. ఒత్తిడికీ ఇదే మాట. మన దగ్గర పనివాళ్ళు అయిదు కేజీల ప్రెషర్ అంటారు. అది చదరపు సెంటీమీటరుకు అయిదు కిలోలు. బార్‌కు దగ్గరగానే ఉంటుంది కానీ అచ్చంగా అదే కాదు. పైగా గేజ్ మీద చూపేది ఒకటి, గాలి ఒత్తిడితో కలిపి లెక్క వేసేది ఇంకొకటి. మూలంలో గేజ్ అని ఉంటే తెలుగులో కూడా గేజ్ అని ఉండాల్సిందే.

యూనిట్ సరిగా వచ్చిందో లేదో పట్టుకోవడానికి ఆ పేజీలోనే ఒక దారి ఉంది. ట్రాన్స్‌ఫర్ రేట్ అని రెండు అంకెలు ఉంటాయి. ఒకటి శుభ్రంగా ఉన్నప్పటిది. ఇంకొకటి పనిలో ఉన్నప్పటిది. వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే కొలత అది. మన ఉదాహరణలో శుభ్రంగా ఉంటే 1000, పనిలో 667. ఒకటిని ఈ అంకెలతో భాగిస్తే అడ్డు వస్తుంది. మొదటిది 0.001. రెండోది 0.0015. ఈ రెండింటి తేడా 0.0005. రెండు గళ్ళలో రాసిన గార అడ్డులు కలిపితే ఇంచుమించు ఈ తేడాయే రావాలి. ట్యూబు లోపలి గోడ బయటి గోడ కన్నా కొంచెం చిన్నది కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. డిజైన్ చేసినవాళ్ళు అదనంగా కొంత గోడ పెట్టినా తేడా వస్తుంది. కానీ అయిదు రెట్లు, ఆరు రెట్లు తేడా వచ్చిందంటే అది యూనిట్ గోలే. అనువాదం పూర్తయ్యాక ఈ లెక్క ఒక్కసారి వేసి చూడండి. సెల్‌ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు.

ఇంకో మాట. డేటాషీట్‌లో టైప్ అనే గడిలో మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఉదాహరణకు బి, ఇ, ఎం. ఇది టెమా పెట్టిన గుర్తు. మొదటి అక్షరం ముందు మూతది, రెండోది షెల్‌ది, మూడోది వెనక మూతది. వీటిని అనువదించకూడదు, తెలుగు అక్షరాల్లోకి మార్చి వదిలేయకూడదు. ఇంగ్లీషు అక్షరాలు అలాగే ఉంచి, కింద అర్థం రాయాలి. శుభ్రం చేసేవాడికి కావలసిన అర్థం ఒక్కటే. లోపలి ట్యూబుల కట్ట బయటికి వస్తుందా, రాదా? బి, ఇ, ఎం అయితే రాదు. ట్యూబుల రేకులు షెల్‌కు అతికి ఉంటాయి. మూత తీసి ట్యూబుల లోపల బ్రష్ కొట్టొచ్చు. బయటి పక్కకు చెయ్యి పోదు. అక్కడ మందు నీళ్ళు తిప్పడమే. ఎ, ఇ, ఎస్ అయితే కట్ట మొత్తం బయటికి లాగొచ్చు. గల్ఫ్‌లో పని చేసి వచ్చినవాళ్ళకు ఇది బాగా తెలుసు. కట్టను లాగి, నీటి జెట్‌తో కొట్టి, మళ్ళీ తోస్తారు.

రసాన్ని ట్యూబుల లోపల, ఆవిరిని బయట ఎందుకు పెట్టారో ఇప్పుడు చెప్పొచ్చు. గార ఎక్కువ పట్టేది రసం వల్ల. సున్నం లవణాలు, ఫాస్ఫేట్లు, ఇసుక లాంటి సిలికా ట్యూబు గోడకు అతుక్కుంటాయి. తిన్నని ట్యూబులోకి బ్రష్ దూర్చడం సులువు. ఎక్కువ గార పట్టేది బ్రష్ అందే పక్కన ఉండాలి. కాస్టిక్ సోడా నీళ్ళు పోసి ఉడికించి, గార మెత్తబడ్డాక బ్రష్ కొడతారు. ఆ పనికి దిగే ముందు రెండు దారుల్లోనూ ఒత్తిడి పూర్తిగా పోయిందో లేదో చూసుకోవాలి. రెండు దారులూ అని తెలుగు కాగితంలో విడిగా రాయాలి. రసం వాల్వు కట్టేసి, ఆవిరి వాల్వు మర్చిపోయే ప్రమాదం ఉంది.

రసం వేడెక్కకపోతే తప్పు ఎప్పుడూ గారదే కాదు. ఆవిరితో పాటు కొంత గాలి కూడా షెల్‌లోకి వస్తుంది. అది చల్లబడినా నీరు కాదు. వెంట్ అనే చిన్న పైపు ద్వారా బయటికి పోవాలి. వెంట్ మూసుకుపోతే ఆ గాలి ట్యూబుల చుట్టూ దుప్పటిలా పరుచుకుంటుంది. అచ్చం గార పట్టినట్టే రసం చల్లగా వస్తుంది. వెంట్ తెరిచి కాసేపు చూడండి. ఉష్ణోగ్రత పైకి లేచిందా, అది గార కాదు. లేవలేదా, కింద ఆవిరి నీరు సరిగా బయటికి పోతోందో చూడండి. నీరు లోపల నిలిస్తే కింది ట్యూబులకు ఆవిరి తగలదు. అదీ బాగానే ఉంటే అప్పుడు గార సంగతి. రసం దారిలో లోపలికి వచ్చే చోట, బయటికి పోయే చోట ఒత్తిడి తేడా కూడా పెరిగి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. డేటాషీట్‌లో ప్రెషర్ డ్రాప్ అని రాసేది ఆ తేడానే. దాన్ని తగ్గించిన ఒత్తిడి అని రాసినవాళ్ళు ఉన్నారు. ఎవరూ తగ్గించలేదు. ట్యూబుల్లో రాపిడికి పోయింది. దారిలో పోయే ఒత్తిడి అని రాస్తే సరిపోతుంది.

మన ప్రాంతానికి ఇలాంటి అనువాదం కొత్తేమీ కాదు. నిజాం పాలనలో 1917లోనే హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం పెట్టారు. ఆ మరుసటి ఏడు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. తెలుగు పాఠ్యపుస్తకాలకు, పదకోశాలకు 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. తరగతి గదికి ఆ పదకోశాలు కావాలి. పరీక్ష రాసే పిల్లవాడికి ఉష్ణ వినిమాయకం అనే మాట ఉపయోగపడుతుంది. హీటర్ పక్కన బ్రష్ పట్టుకుని నిలబడ్డ మనిషికి కావలసింది పదం కాదు, వాక్యం. ఏది లోపల, ఏది బయట, గార ఎటు పక్క, ఎప్పుడు తీయాలి, తీసే ముందు ఏ వాల్వులు కట్టాలి. ఈ విషయంలో నాకు పదకోశం కన్నా పాత మేస్త్రీ మాటే ఎక్కువ పనికొచ్చింది. స్కేల్ పట్టిందంటాడు, హీటర్ మొద్దుబారిందంటాడు. మొద్దుబారడం అనే మాటలో గార అడ్డు మొత్తం ఉంది.

మీ ఊళ్ళో ఎవరైనా ఇలాంటి కాగితం తెలుగులో రాయాలనుకుంటే ఒక పని చేయండి. ఇంగ్లీషు పేజీని తీసేసి తెలుగు పేజీ పెట్టకండి. రెండూ పక్కపక్కన ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టి హీటర్ దగ్గర తగిలించండి. రెండింటికీ తేడా వస్తే ఇంగ్లీషు పేజీదే చెల్లుబాటు అని తెలుగు పేజీ మీద రాయండి. కంపెనీ గ్యారంటీ ఇచ్చింది ఆ పేజీకే. తెలుగు పేజీ అడుగున కొంత ఖాళీ వదలండి. బ్రష్ కొట్టి మూత బిగించిన రోజు తేదీ, ఆవిరి వాల్వు ఎంత తెరిచి ఉంది, రసం ఎంత వేడితో బయటికి వచ్చింది, రసం దారిలో ఎంత ఒత్తిడి పోయింది, ఇవి అక్కడ పెన్సిల్‌తో రాయించండి. తరవాతి వారం అదే వాల్వు తెరుపుకు రసం ఎన్ని డిగ్రీలు తక్కువ వచ్చిందో చూస్తే, గార ఎంత వేగంగా పడుతోందో ఆ ఖాళీలోనే తెలుస్తుంది.